ముఖ్య అతిథికి ఆరు నిమిషాలు

చలి మొదలయ్యేసరికి భిలాయిలో బహుమతి ప్రదానాల సీజన్ మొదలవుతుంది. మా సెక్టర్ 4లో ప్లాంట్ నుంచి రిటైరై, జుట్టు తెల్లబడి, నలుగురిలో నిలబడి మాట్లాడగలడని పేరున్న వాడెవడికైనా ఒక ఆహ్వానపత్రం వస్తుంది. నాకూ వస్తుంది. పిలవడానికి వచ్చిన టీచరమ్మ విజయనగరం వైపు ఆడపడుచు అయితే మరీ చనువుగా, "బాబాయ్ గారూ, పిల్లలకి నాలుగు మంచి మాటలు చెప్పండి చాలు" అంటుంది. చిక్కంతా ఆ నాలుగు మంచి మాటల దగ్గరే ఉంది. పిల్లలు వాటిని ఏడాది పొడవునా ప్రార్థన సమయంలో వింటారు, ఇంట్లో కంచం ముందు వింటారు, ట్యూషన్లో వింటారు. శాలువా కప్పించుకున్న పెద్దమనిషి మళ్లీ అవే చెబితే, ముందు వరసలో కూర్చున్నవాళ్లు బూటు లేసులు విప్పి కట్టుకోవడం మొదలుపెడతారు.

అందుకని ఒప్పుకునే ముందు నేను మూడు విషయాలు అడుగుతాను. పిల్లలు ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు ఉంటారు? ఎండలో కూర్చుంటారా, షామియానా కిందా? నా మాట బహుమతులకు ముందా, తర్వాతా? మూడోది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గాని, ప్రసంగం నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. ముందు మాట్లాడితే, పేరు పిలుస్తారా లేదా అన్న గుబులులో ఉన్న పిల్లవాడు వినడు. అన్నీ పంచేశాక మాట్లాడితే, వచ్చినవాడు కప్పు మీద తన పేరు సరిగ్గా చెక్కారో లేదో చూసుకుంటూ ఉంటాడు, రానివాడు ఇంటికెప్పుడు వదులుతారా అని చూస్తుంటాడు. ఆటల బహుమతులు ముందు ఇచ్చేసి, చదువు బహుమతులకు ముందు నన్ను లేపమని అడుగుతాను. అప్పటికి చప్పట్లు కొట్టి కొట్టి చేతులు అలిసి ఉంటాయి, చెవులు ఖాళీగా ఉంటాయి.

ఇక ఏం చెప్పాలి? మా ఊళ్లో దానికి వెతుక్కోనక్కర లేదు. భిలాయికి దగ్గర్లోనే గనియారి అనే పల్లె ఉంది. తీజన్ బాయి పుట్టిన ఊరు. మహాభారతాన్ని ఛత్తీస్‌గఢీలో పాడి చెప్పే పండవానీని దేశాలు దాటించిన మనిషి. మా స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం చేసిన మనిషి కూడా. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. సెక్టర్ 4 పిల్లలు ఆమె పేరు వినే ఉంటారు. విన్నారు గనకే ఆమె కథ చెప్పడం కష్టం. పేరు ఎత్తగానే పిల్లలకు ముగింపు తెలిసిపోతుంది: పేదరికంలో పుట్టింది, కష్టపడింది, పెద్ద బహుమతి తెచ్చుకుంది, కాబట్టి మీరూ కష్టపడండి. ఆ "కాబట్టి" వినపడగానే కథ కాస్తా నీతిబోధ అయిపోతుంది.

అందుకే ఆ జీవితం మొత్తాన్ని చెప్పను. ఒకే ఒక్క సాయంత్రం తీసుకుంటాను. పదమూడేళ్లప్పుడు ఆమె పక్క పల్లెలో మొదటిసారి పదిమంది ముందు పాడింది. ముట్టింది పది రూపాయలు. అంతకు ముందు జరిగినదాంట్లో పిల్లలకు కావలసింది ఒక్కటే: తాత భారతం చెబుతుంటే విని విని కంఠస్థం చేసేసింది. బాల్యంలోనే అయిన పెళ్లి, పాడుతోందని కులంవాళ్లు వెలి వేయడం, విడిగా గుడిసె వేసుకుని బతకడం, ఇవన్నీ నిజాలే. కానీ ఒకటో తరగతి పిల్లలు కూర్చున్న చోట ఆరు నిమిషాల్లో వాటికి న్యాయం చేయలేం. పైపైన చెప్పి వదిలేస్తే జాలి మాత్రం మిగులుతుంది. పెద్ద తరగతులవాళ్లు విడిగా ఉన్న సభ అయితే వాటిని చెబుతాను, అక్కడ అవే అసలు కథ.

ఆ సాయంత్రంలో చెప్పుకోదగ్గ మలుపు ఇది. పండవానీలో రెండు పద్ధతులున్నాయి. వేదమతిలో కూర్చుని పాడతారు. కాపాలికలో నిలబడి, నడుస్తూ, పాత్రలు కట్టి చూపిస్తూ పాడతారు. అప్పటికి ఆడవాళ్లు కూర్చునే పాడేవారు, నిలబడటం మగవాళ్ల పద్ధతి. ఈ పిల్ల నిలబడింది. చేతిలో తంబూరా. మన బుర్రకథలో కథకుడి భుజం మీద ఉండేదానికి చుట్టమే అది. అయితే ఇక్కడ అది వాయిద్యంగానే ఉండిపోదు. భీముడి వంతు వస్తే గద అవుతుంది, అర్జునుడి వంతు వస్తే విల్లు అవుతుంది.

ఈ చోటికి వచ్చాక నేను వర్ణించడం మానేస్తాను. వేదిక మీదికి వెళ్లేటప్పుడే లెక్కల టీచరు దగ్గర బోర్డు మీద గీతలు గీసే పొడుగు కర్ర స్కేలు అడిగి తీసుకుంటాను. దాన్ని భుజాన వేసుకుని, "ఇదేమిటి?" అంటాను. "స్కేల్!" అని అరుస్తారు. రెండు చేతులతో పట్టి తల మీదికి ఎత్తుతాను. ఒక్క క్షణం ఆగితే ఎవరో ఒకరు "గదా!" అంటారు. అడ్డంగా పట్టి చెవిదాకా లాగినట్టు చేస్తే ఈసారి అందరూ "ధనుష్!" అంటారు. అప్పుడు నెమ్మదిగా, "పక్క ఊళ్లో పదమూడేళ్ల పిల్ల ఇదే పని చేసింది. కూర్చుని చేయమన్నారు. ఇది కూర్చుని చేయగలమా?" అని అడుగుతాను. కూర్చునే విల్లు ఎక్కుపెట్టబోయి, పక్కవాడి ముక్కుకు మోచెయ్యి తగిలించేవాళ్లుంటారు. కూర్చుంటే ఎందుకు కుదరదో వాళ్ల భుజాలకే తెలిసిపోతుంది. ఆమె ఎందుకు నిలబడిందో నేను చెప్పనక్కర లేదు. ఆ పది రూపాయల సంగతి చెప్పి ఆపేస్తాను. పద్మవిభూషణ్ ఊసు ఎత్తను. ఎత్తితే కథ మళ్లీ బహుమతుల బల్ల దగ్గరికి వచ్చేస్తుంది. ఆ సభలో బహుమతి వచ్చేవాళ్లకంటే రానివాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇంట్లో కాగితం మీద రాసుకునేటప్పుడు నాకొక అలవాటు ఉంది. రాసింది ఒకసారి చదివి, చదవాలి, ఎదగాలి, నేర్చుకోవాలి అంటూ వచ్చిన ప్రతి మాట కిందా ఎర్ర గీత గీస్తాను. మొదటి చిత్తుప్రతిలో పేజీ అంతా ఎర్రబడుతుంది. ఆ వాక్యాలను మెత్తగా తిరగరాయను, తీసేస్తాను. తీసేశాక మిగిలింది పేజీలో సగమే అయితే, నా దగ్గర చెప్పడానికి సంగతి లేదని, ఉన్నవి సలహాలేనని తేలినట్టు. అప్పుడు ఇంకో సంగతి వెతుక్కోవాలి. తర్వాత గడియారం పెట్టుకుని గట్టిగా చదువుతాను. ఇంట్లో ఐదు నిమిషాలు పట్టింది మైకు ముందు ఆరవుతుంది, పిల్లల కేకలకు కాస్త చోటు ఇవ్వాలి కదా.

భాష విషయం కూడా ముందే తేల్చుకుంటాను. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన మా కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, బయట హిందీ. వాళ్ల పక్కన ఛత్తీస్‌గఢీ, మలయాళం, బెంగాలీ ఇళ్ల పిల్లలు కూర్చుంటారు. ప్రసంగం హిందీలోనే. తెలుగు సంఘం వాళ్ల సభ అయితే తెలుగులోనే, కానీ పత్రికల తెలుగు కాదు, వాళ్ల అమ్మలు వంటింట్లో మాట్లాడే తెలుగు. మధ్యలో ఒక్కో భాషలో ఒక్కో నమస్కారం పెట్టి చప్పట్లు కొట్టించుకునే పద్ధతి ఉంది. అందులో ఒక నిమిషం పోతుంది, చేతికి వచ్చేదేమీ ఉండదు.

పెద్ద తరగతుల సభలో కథ బదులు ఒక్కోసారి లెక్క ఇస్తాను. మా ప్లాంట్ నుంచి 260 మీటర్ల పొడవున్న రైలు పట్టాలు వెళతాయి. "జనవరి తెల్లవారుజామున కొలిచిన పట్టాను మే నెల మధ్యాహ్నం మళ్లీ కొలిస్తే ఎంత పెరిగి ఉంటుంది?" అంటాను. ఒకడు ఒక మిల్లీమీటరంటాడు, ఒకడు ఒక మీటరంటాడు. ఉక్కు మీటరుకు, డిగ్రీకి మిల్లీమీటరులో సుమారు వెయ్యింట 12 వంతులు పెరుగుతుంది. తేడా 40 డిగ్రీలనుకుంటే, కదలడానికి అడ్డేమీ లేని పట్టా దాదాపు పన్నెండున్నర సెంటీమీటర్లు పెరుగుతుంది, కంపాస్ బాక్సులో ఉండే స్కేలు కంటే కాస్త తక్కువ. "మరి లైన్లో బిగించేసిన పట్టా ఆ పెరుగుదలను ఎక్కడ దాచుకుంటుంది?" అని అడిగి, జవాబు చెప్పకుండా కూర్చుంటాను. వాళ్లలో చాలామంది నాన్నలకు ఆ జవాబు తెలుసు. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ ప్రశ్న రావడమే నాకు కావలసింది. అయితే ఇది తొమ్మిదో తరగతి పైవాళ్లకే. చిన్నపిల్లలున్న చోట ఈ లెక్క ఎత్తితే రెండో నిమిషానికే సభ చేజారిపోతుంది.

ప్రసంగం కాక, కప్పులు అందించడం కూడా అతిథి పనే. చాలామంది అతిథులు దాన్ని ఫొటో పని అనుకుంటారు. నిజానికి ఒక్కో పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడే అవకాశం అప్పుడే దొరుకుతుంది, ఉండేది ఐదారు సెకన్లు. జాబితా ముందే తెప్పించుకుని పేర్లు పలికి చూసుకుంటాను. "వెరీ ఇంటెలిజెంట్" అనే మాట మాత్రం వాడను. అమెరికాలో ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలను 1998లో ప్రచురించారు. మొదటి పజిళ్లు చేశాక కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్లిస్తే తడబడ్డాక, తెలివైనవాళ్లనిపించుకున్నవాళ్లే ఎక్కువగా ఉత్సాహం పోగొట్టుకున్నారు. ఈ దారిలో తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో తేడాలు అంత గట్టిగా కనపడలేదు, అందుకని దీన్ని మంత్రంలా పట్టుకోను. కానీ "నువ్వు తెలివైనదానివి" అంటే పిల్ల థాంక్యూ అని వెళ్లిపోతుంది. "లాంగ్ జంప్‌లో ఎన్ని సార్లు ఫౌల్ అయ్యావు?" అంటే ఆగి, నవ్వి, చెబుతుంది.

ప్రసంగం ఎలా సాగిందో చప్పట్లను బట్టి తెలియదు. ముఖ్య అతిథి కూర్చుంటే చప్పట్లు కొట్టమని పిల్లలకు ముందే నేర్పి ఉంచుతారు. నేను చూసుకునేవి రెండు గుర్తులు. మాట్లాడుతున్నప్పుడు వెనక వరసలో నిలబడ్డ పీటీ సారు "చుప్" అనాల్సి వచ్చిందా? సభ అయ్యాక ఎవరైనా నా దగ్గరికి వచ్చి సందేహం అడిగారా? పీటీ సారు అరిచినచోట సంగతి సాగదీశానన్నమాట, మరుసటి ఏడాది ఆ ముక్క ఉండదు. సందేహం వస్తే శాలువా, కొబ్బరికాయ టీచరమ్మ చేతిలో పెట్టేసి, జవాబు చెప్పడానికి అక్కడే నిలబడిపోతాను. అది ప్రసంగం లెక్కలోకి రాదు గనక, ఆరు నిమిషాల నియమం దానికి లేదు.