రెండో మాత్రకు ముందు

వాట్సాప్‌లో మళ్లీ అదే తిరుగుతోంది. గర్భిణి పారాసెటమాల్ మింగితే పుట్టే బిడ్డకు ఆటిజం వస్తుందట, సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడే చెప్పాడట. చెప్పిన మాట నిజమే. 2025 సెప్టెంబరు 22న ట్రంప్ గర్భిణులను టైలెనాల్ జోలికి పోవద్దన్నాడు. టైలెనాల్ అంటే మన మెడికల్ షాపులో డోలో, కాల్పాల్ పేర్లతో దొరికే పారాసెటమాలే. ఆ పుణ్యమా అని ఈ వారం మా చెల్లెలి కూతురు, ఐదో నెల నడుస్తున్న పిల్ల, మాత్ర ఎదురుగా పెట్టుకొని పొద్దంతా తల పట్టుకొని కూర్చుంది. "ఏసుకుంటే లోపల పిల్లకేమన్న అయితదేమో పెద్దమ్మా" అంటుంది. నాకు ఒళ్లు మండింది.

స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలు తీసి 2024లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. పైపైన చూస్తే మాత్ర వాడిన తల్లుల పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువే కనిపించింది. కానీ ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లల్లో, మాత్ర వాడిన కాన్పునూ వాడని కాన్పునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా మాయమైంది. అంటే ఆ తేడాకు కారణం మాత్ర కాదు, ఆ ఇంటిదో, ఆ తల్లిదో వేరే ఏదో. ట్రంప్ మాట తర్వాత కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం తమ సలహా మార్చుకోలేదు: అవసరమైనప్పుడు, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు పారాసెటమాల్ వాడుకోవచ్చు. పోనీ భయపడి మానేస్తే మేలా అంటే అదీ లేదు. జ్వరాన్ని మందు లేకుండా కాగనిస్తే అదే బిడ్డకు చేటు.

కాబట్టి 500 మిల్లీగ్రాములదో 650దో ఒక మాత్ర, మళ్లీ కావాలంటే కనీసం నాలుగు గంటలు ఆగి ఇంకొకటి. రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, మరీ బక్కగా ఉన్నవాళ్లు అందులో సగం దగ్గరే ఆగి డాక్టర్ని అడగాలి. అసలు గొడవ పారాసెటమాల్‌తో కాదు, దాని చుట్టాలతో. "తలనొప్పి మాత్ర ఇవ్వన్నా" అని అడిగితే కౌంటరు మీదికి ఏదైనా రావచ్చు. కాంబిఫ్లామ్ వస్తే అందులో పారాసెటమాల్‌తో పాటు ఇబుప్రొఫెన్ ఉంటుంది. ఐదో నెల దాటాక ఆ జాతి మందులు బిడ్డ కిడ్నీ మీద పడి ఉమ్మనీరు తగ్గిస్తాయి, ఏడో నెల దాటాక బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళాన్ని ముందే మూసేయగలవు. వాసోగ్రెయిన్ అయితే ఇంకా చెడ్డది. అందులోని ఎర్గోటమిన్ గర్భసంచిని బిగపడుతుంది, గర్భిణి దాన్ని ముట్టుకోనే కూడదు. పెళ్లికి ముందు నుంచి ఒకపక్క తలనొప్పి ఉన్న ఆడపిల్లలు చాలామంది పాత పట్టీ పర్సులో పెట్టుకొని తిరుగుతారు, అందుకని పేరు పెట్టి చెబుతున్నా. మైగ్రేన్ రాకుండా రోజూ వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ లాంటివి మింగేవాళ్లు గర్భం అనుకోకముందే డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోవాలి. అవి బిడ్డ తయారీలోనే లోపాలు తేగలవు. పారాసెటమాల్‌కు లొంగని మైగ్రేన్‌కు సుమాట్రిప్టాన్ ఉంది, దాని మీద ఇన్నేళ్లలో పోగైన అనుభవం భయపెట్టేలా లేదు, కానీ అది డాక్టరు రాస్తేనే.

మా పిల్ల తలనొప్పికి కారణం మాత్రం పది నిమిషాల్లో తేలింది. రోజుకు నాలుగు కప్పుల చాయ్ తాగే మనిషి, అత్తమ్మ "చాయ్ తాగితే పిల్ల నల్లగ పుడతది" అన్నదని ఒక్కసారిగా మానేసింది! ఈ కాలమ్ చదివేవాళ్లకు నా రెండు పిచ్చిలు తెలుసు, చాయ్, బీపీ మిషను. మొదటిదాని తరఫున వకాల్తా ఇది: రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు గర్భిణికి ఇబ్బంది లేదంటారు, మన చిన్న కప్పులతో రెండు మూడు చాయ్‌లు అందులో హాయిగా ఇముడుతాయి. ఒక్కసారే ఆపితే రెండు మూడు రోజులు తల పగులుతుంది. మొదటి నెలల తలనొప్పులు ఎక్కువగా ఇలాంటివే. వాంతులకు ఒంట్లో నీళ్లు పోవడం, పొద్దున ఏమీ తినకపోవడం, నిద్ర లేకపోవడం. పాత మైగ్రేన్ కూడా తొలి మూడు నెలలు పీడించి, తర్వాత చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. ఇవి బాధపెట్టేవే గానీ ప్రాణం తీసేవి కావు.

ఇక్కడి దాకా రాసి "భయం లేకుండా మాత్ర వేసుకోండి" అని ముగిద్దామనుకున్నాను. నర్సుగా పనిచేసిన రోజుల్లో కోహెడ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల గుర్తొచ్చింది, ఆగిపోయాను.

తొలిచూలు, ఎనిమిదో నెల. రెండు రోజుల కింద నుదుటి దగ్గర నొప్పి మొదలైందట. జండూబామ్ రాసుకుంది, షాపులో పారాసెటమాల్ తెచ్చి వేసుకుంది. తగ్గింది. లేచి వంట చేసింది, బట్టలుతికింది. మర్నాడు మళ్లీ వస్తే మళ్లీ వేసుకుంది. మూడో పొద్దు కళ్ల ముందు మిణుగురులు తిరిగినట్టు అనిపించి, రొమ్ము కింద కడుపు పట్టేస్తే గ్యాస్ అనుకొని, పక్కింటావిడ బలవంతం మీద మా దగ్గరికి వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది, చేతి ఉంగరం కదలడం లేదు. బీపీ చూస్తే 170/110. పదిహేను నిమిషాలాగి చూసినా అంతే.

మూత్రం తీసుకున్నాం. అప్పట్లో పరీక్ష పుల్లలు అందుబాటులో లేకపోతే గాజు నాళికలో ముప్పాతిక పోసి, పైభాగాన్ని దీపం మీద కాచేవాళ్లం. తెల్లగా మబ్బు కడితే రెండు మూడు చుక్కల ఎసిటిక్ యాసిడ్ వేయాలి. మబ్బు కరిగిపోతే అది ఫాస్ఫేటు, పట్టించుకోనక్కర్లేదు. నిలిస్తే అల్బుమిన్. ఆమెది నిలవడమే కాదు, గడ్డకట్టింది. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో అల్బుమిన్ పడితే అది ప్రీ ఎక్లాంప్సియా. 160/110 అందుకొని తలనొప్పి, చూపు మసక, కడుపు పైభాగంలో నొప్పి తోడైతే ఫిట్స్ గుమ్మంలో ఉన్నట్టే.

ఫిట్స్ ఆపే మందు ఖరీదైనదేం కాదు, మెగ్నీషియం సల్ఫేట్. డాక్టరు 4 గ్రాములు నెమ్మదిగా నరానికిచ్చారు. నేను పిరుదుకొక 5 గ్రాములు, లోతుగా, లిగ్నోకెయిన్ కలిపి ఇచ్చాను. ఒంట్లో సెగలు వస్తున్నాయని ఆ పిల్ల అరిచింది, వస్తాయి. ఆ తర్వాతి పని మోకాలి దగ్గర కొట్టి కాలు ఎగురుతుందా చూడటం, ఊపిరి నిమిషానికి 16కు తగ్గకుండా లెక్కపెట్టడం, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లయినా వస్తుందా కొలవడం. మోకాలు పలకకపోతే మందు ఎక్కువైనట్టు, తర్వాతి డోసు ఆపేయాలి. విరుగుడుగా ట్రేలో కాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా ఉండాలి. బీపీకి నిఫెడిపిన్ ఇచ్చి పేట్లబురుజు పంపాం. ఫిట్స్ రాలేదు.

ఆమె కార్డు తెరిచి చూస్తే అన్ని నెలలకూ బీపీ ఒక్కటే: 110/70, 110/70, 110/70. మనిషి ఒంట్లో రక్తపోటు అట్లా గీత గీసినట్టు ఉండదు. నాలుగైదు నెలలప్పుడు కొంచెం దిగి, చివరి నెలల్లో మళ్లీ పైకి రావడం దాని స్వభావం. ఒకే అంకె వరసగా పడిందంటే ఆ మిషను పెట్టె తెరవలేదని అర్థం.

తెరిచిన చోట కూడా కొలవడం ఒక విద్యే, మనం దానికి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వం. ఆటో దిగి మెట్లెక్కి వచ్చిన మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుకోవాలి, పాదాలు నేల మీద ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. మూత్రం ఆపుకొని ఉంటే ముందు వెళ్లి రమ్మనాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. జాకెట్ చెయ్యి బిగుతుగా పైకి మడిచి దాని కింద కఫ్ చుట్టడం మన దగ్గర రోజూ జరిగే పని, ఆ మడతే రక్తనాళాన్ని నొక్కి అంకెను చెడగొడుతుంది. జాకెట్ చెయ్యి తీయించండి, సిగ్గుపడితే తెర కట్టండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనిపిస్తుంది. ఎడమపక్కకు పడుకోబెట్టి పైచేతికి చూస్తే ఉన్న బీపీ దాక్కుంటుంది. ఎక్కువ వచ్చిందని "టెన్షన్ పడ్డావమ్మా" అని వదిలేయకుండా పావుగంట ఆగి మళ్లీ చూడాలి.

ఆ పిల్ల కథలో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది మాత్ర పని చేయడమే. పని చేయకపోతే మొదటి రోజే వచ్చేది. పారాసెటమాల్‌కు తగ్గని తలనొప్పి ప్రమాదమని పుస్తకాల్లో ఉంటుంది, సరే. తగ్గింది కదా అని బీపీ లేదనుకోవడానికి మాత్రం వీల్లేదు. ట్రంప్ చెప్పిన కారణానికి కాదు గానీ, ఈ మాత్ర గురించి నేనూ కొంచెం భయపడాల్సినదాన్నే. ఐదో నెల దాటిన గర్భిణికి తలనొస్తే మొదటి మాత్ర వేసుకోమనండి, రెండో మాత్రకు ముందు చేతికి కఫ్ కట్టించండి. మా పిల్లకూ ఆ సాయంత్రమే వనస్థలిపురం తీసుకెళ్లి చూపించాను. 108/66. చాయ్ తలనొప్పే.

బీపీ మామూలుగా ఉన్నా ఆస్పత్రికి పోకుండా ఆగకూడని తలనొప్పులు కొన్ని ఉన్నాయి. క్షణంలో పిడుగులా పడి, జన్మలో ఎరగనంతగా ఉన్నది. జ్వరంతో మెడ బిగుసుకున్నది. మాట తడబడుతూనో, ఒక చెయ్యి కాలు పడిపోతూనో, మత్తు కమ్ముతూనో వచ్చేది. పడుకుంటే ఎక్కువై, రోజురోజుకూ పెరిగేది. చివరిది మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం కావచ్చు. మన నిమ్స్ వాళ్లు అలాంటి 428 మంది వివరాలు 2012లో ప్రచురించారు, వాళ్లలో బాలింతలూ ఉన్నారు. బాలింతకు నీళ్లు ఎక్కువ తాగిస్తే పొట్ట వస్తుందని కొలిచి పోసే ఇళ్లు హయత్‌నగర్‌లో ఇప్పటికీ నాకు తెలుసు. నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. గడ్డకట్టడానికి అదీ ఒక దారి.

కాన్పుతో గండం గడిచిందనుకుంటారు. బీపీ పైకి ఎక్కేది తరచూ కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో, అంటే సరిగ్గా డిశ్చార్జి చేసి తల్లిగారింటికి పంపే వేళకు. తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే కాబట్టి వెన్నుకిచ్చిన మత్తుసూది తలనొప్పి కూడా ఈ రోజుల్లోనే వస్తుంది. అది కూర్చుంటే పగిలి, పడుకుంటే తగ్గుతుంది. అట్లా అనిపించినా ఆస్పత్రికి చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం ఏ తలనొప్పయినా గాలి తగిలిందనే అంటారు, చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కడతారు. దూది తీయమని నేననను. అది ఉంచుకొనే బీపీ చూపించుకోండి. 140/90 ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి, 160/110 అందుకుంటే 108కి ఫోన్ చేయండి. ఇట్లా ఆరు వారాల దాకా.