ఒకే యంత్రం, రెండు తరుగుదలలు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లల కోసం దోమలగూడలో మెటీరియల్ అచ్చువేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఊహించుకుందాం. 2024 ఏప్రిల్‌లో 15 లక్షలకు ఆఫ్‌సెట్ యంత్రం కొని వెంటనే నడపడం మొదలుపెట్టింది. 2025 మార్చి 31న దాని విలువెంత?

కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ఇలాంటి యంత్రానికి 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తుంది. చివరికి తుక్కు విలువగా 5 శాతం, అంటే 75,000 మిగులుతుందనుకుంటే స్థిర వాయిదా పద్ధతిలో ఏటా 95,000 తరుగుదల. కాబట్టి పుస్తకాల్లో విలువ 14,05,000. ఆదాయపు పన్ను లెక్కలో తగ్గుతున్న నిల్వపై 15 శాతం, అంటే తొలి ఏడు 2,25,000. మిగిలేది 12,75,000.

మొదటిది యంత్రం ఎన్నాళ్లు పనిచేస్తుందో అంచనా వేస్తుంది. రెండోది పెట్టుబడి పెట్టినవాడికి ముందుగా ఇచ్చే ఊరట. లాభం తెలుసుకోవడానికి నేను మొదటిదాన్నే నమ్ముతాను, పరీక్షల సీజన్‌లో తీరిక లేకుండా నడిచే యంత్రానికి 15 ఏళ్లు ఎక్కువే అనిపించినా.

తరుగుదలకు ముందు లాభం 6,00,000 అనుకుందాం. పుస్తకాల లాభం 5,05,000. పన్ను లెక్కలో 3,75,000. సర్‌చార్జి, సెస్సు కలిపి 25.168 శాతం చొప్పున ఈ ఏడు కట్టేది 94,380. అంతటితో ఆగితే నికర లాభం 4,10,620గా కనిపిస్తుంది, వాటాదారు దాన్ని పంచుకోవచ్చనుకుంటాడు. అకౌంటింగ్ స్టాండర్డ్ 22 ఇక్కడే అడ్డుపడుతుంది. రెండు విలువల తేడా 1,30,000పై పన్ను 32,718. దాన్ని లాభనష్టాల ఖాతాలో ఖర్చు రాసి, ఆస్తి అప్పుల పట్టీలో డిఫర్డ్ ట్యాక్స్ లయబిలిటీగా చూపాలి. నికర లాభం 3,77,902కు దిగుతుంది. దీనికి నోటీసు రాదు, వడ్డీ పడదు. వాయిదా పడ్డ పన్ను అంతే.

రెండో ఏడు పన్ను తరుగుదల 1,91,250. ఆ ఏటి తేడా 96,250పై పన్ను 24,224 వస్తుంది. దాన్నే బాధ్యత మొత్తంగా రాసేయడం తరచూ జరిగే పొరపాటు. అది ఆ ఏడు కలపాల్సిన భాగం మాత్రమే, మొత్తం 56,943. సరిచూసుకోవడానికి రెండు నిల్వలను, 13,10,000ను, 10,83,750ను పక్కపక్కన పెట్టి తేడాను పన్ను రేటుతో గుణిస్తే చాలు. పన్ను రేటు మారకుంటే ఆరో ఏటి చివర బాధ్యత సుమారు 91,681కి చేరుతుంది. ఏడో ఏడు పన్ను తరుగుదల 84,859కి పడిపోయి 95,000 కంటే తక్కువవుతుంది గనుక, అక్కణ్నుంచి బాధ్యత కరగడం మొదలవుతుంది.

అదే కంపెనీ డీటీపీ కంప్యూటర్లలో కథ తిరగబడుతుంది. పుస్తకాల్లో వాటి ఆయుష్షు మూడేళ్లు, పన్ను రేటు 40 శాతం. లక్ష రూపాయల కంప్యూటర్ మూడో ఏటి చివర పుస్తకాల్లో 5,000, పన్ను లెక్కలో 21,600. అక్కడ పుట్టేది బాధ్యత కాదు, డిఫర్డ్ ట్యాక్స్ అసెట్.