ట్రయల్ చవకైతే ఖాతాదారు చవకైనట్టేనా?

సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందా మీద అమ్మే కంపెనీల్లో సోమవారం ఉదయం ఒకే లెక్క నడుస్తుంది. పోయిన వారం ఎన్ని ట్రయల్స్ వచ్చాయి, ఒక్కోటి ఎంతకు పడింది? ధర తగ్గితే సంతోషం, పెరిగితే కంగారు. ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. మెటా అయినా గూగుల్ అయినా అడిగినదే తెచ్చిపెడతాయి. ట్రయల్ మొదలుపెట్టేవాళ్లు కావాలంటే, అలాంటివాళ్లు ఎక్కడ చవకగా దొరుకుతారో అక్కడే వెతుకుతాయి. ఉచితం అన్న మాట కనబడగానే నొక్కేవాళ్లు, ప్రాజెక్టు కోసం స్క్రీన్‌షాట్లు తీసుకునే విద్యార్థులు, మన సరుకెలా ఉందో చూడాలనుకునే పోటీదార్లు అందరూ ఆ లెక్కలోకి వస్తారు. వాళ్లలో డబ్బు కట్టేదెవరని మనం అడగలేదు, కాబట్టి ప్లాట్‌ఫామ్ చూడదు.

అలాంటప్పుడు డబ్బు కట్టడాన్నే లక్ష్యంగా ఇవ్వొచ్చు కదా? ఇవ్వగలిగితే అంతకన్నా మంచిది లేదు. కానీ మెటాలో క్లిక్ చేసిన 7 రోజుల్లోపు జరిగినదే ఆ ప్రకటన ఖాతాలో పడుతుంది. మన ట్రయల్ 14 రోజులదైతే, తొందరపడి ముందే కట్టేసే కొద్దిమంది తప్ప మిగతావాళ్ల చెల్లింపు దానికి కనిపించనే కనిపించదు. కనిపించినా సంఖ్య చాలదు. ఒక యాడ్ సెట్ నేర్చుకునే దశ దాటి కుదురుకోవాలంటే వారానికి సుమారు 50 ఫలితాలు కావాలని మెటాయే చెబుతుంది. గూగుల్‌లో గడువు ఇంత ఇరుకు కాదు. మామూలుగా 30 రోజులు ఉంటుంది, 90 దాకా పెంచుకోవచ్చు. అయినా రెండు వారాల తర్వాత వచ్చే కబురుతో ఈ రోజు బిడ్డింగ్ దిద్దుకోవడం నెమ్మదిగానే సాగుతుంది.

అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్లు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడే ఒక గుర్తు కోసం వెతుకుతారు. అది ట్రయల్ అంత తేలిగ్గా జరిగేది కాకూడదు, చెల్లింపు అంత అరుదైనదీ కాకూడదు. దాన్ని ఊహించి పెట్టరు, పాత ట్రయల్స్ రికార్డులోంచి తీస్తారు.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. హైదరాబాద్‌లో చిన్న బృందం. చిన్న ఏజెన్సీల కోసం ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి నెలకు 1,500 రూపాయలకు అమ్ముతోంది. 14 రోజుల ట్రయల్, కార్డు అడగరు. ప్రకటనలకు వారానికి 3 లక్షలు పెడితే 400 ట్రయల్స్ వస్తున్నాయి, అంటే ఒక్కోటి 750. వాళ్లలో 6 శాతం, అంటే 24 మంది డబ్బు కడుతున్నారు. ఒక ఖాతాదారుకు 12,500 ఖర్చు.

ఇప్పుడు గడువు ముగిసిన పాత ట్రయల్స్ 1,000 తీసి, మొదటి 48 గంటల్లో ఎవరేం చేశారో చూస్తారు. ఈ వెయ్యిలో డబ్బు కట్టినవాళ్లు 60 మంది. ఇన్‌వాయిస్ తయారుచేసి చూసినవాళ్లు 600, వాళ్లలో కట్టింది 51 మంది. సగానికి పైగా మంది చేసే పని కనుక ఇది పెద్దగా ఏమీ వేరుచేయలేదు. బ్యాంకు ఖాతా కలిపినవాళ్లు 40 మంది, కట్టింది 22. గుర్తు బ్రహ్మాండమే, కానీ వారానికి 16 మందే తేలతారు, మెటాకు చాలదు. మధ్యలో ఒకటి దొరికింది. తయారుచేసిన ఇన్‌వాయిస్‌ను తమ క్లయింటుకు పంపినవాళ్లు 220 మంది, వాళ్లలో 44 మంది కట్టారు. పంపని 780 మందిలో కట్టింది 16 మందే. ఒకవైపు 20 శాతం, మరోవైపు 2 శాతం. వారానికి 88 మంది తేలతారు, రెండు రోజుల్లో తెలిసిపోతుంది. ఎంచుకోవలసిన ఈవెంట్ ఇదే.

దీన్ని బ్రౌజర్ నుంచి కాకుండా కంపెనీ సర్వర్ నుంచే, మెటా కన్వర్షన్స్ ఏపీఐ ద్వారా పంపడం మేలు. సందేశంలో కీలకమైన భాగం ఇంతే:

```json
{
  "event_name": "QualifiedTrial",
  "event_time": 1735689600,
  "event_id": "trial-88213-sent",
  "action_source": "website"
}
```

దీనికి తోడు `user_data` కింద క్లిక్ గుర్తు, హ్యాష్ చేసిన ఈమెయిల్ వెళ్తాయి. బ్రౌజర్‌లోని పిక్సెల్ కూడా ఇదే ఈవెంట్ పంపుతుంటే రెండుచోట్లా పేరూ, `event_id` ఒకటే ఉండాలి. లేకపోతే ఒక్కడు ఇద్దరవుతాడు. మెటా చూపే సంఖ్య మన డేటాబేస్‌లో ఉన్నదానికన్నా ఎక్కువగా ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఈవెంట్ మార్చిన మొదటి రెండు వారాలే అసలు పరీక్ష. ట్రయల్ ధర 750 నుంచి 1,000కి ఎక్కిందనుకోండి. అదే 3 లక్షలకు 400 బదులు 300 ట్రయల్సే వస్తాయి. యజమాని ఫోన్ చేస్తాడు, పాత పద్ధతికి మార్చేయమంటాడు. చాలా కంపెనీలు ఇక్కడే వెనక్కి తగ్గుతాయి. కానీ ఆ 300లో 120 మంది క్లయింటుకు ఇన్‌వాయిస్ పంపారనుకుందాం. పాత నిష్పత్తి నిలిస్తే వాళ్లలో 24 మంది, మిగతా 180 మందిలో ముగ్గురో నలుగురో కడతారు. మొత్తం 28 అనుకుంటే ఖాతాదారు ఖర్చు 12,500 నుంచి సుమారు 10,700కి దిగింది. ఈ సంగతి తెలియాలంటే ఆ వారం ట్రయల్స్ గడువు పూర్తిగా ముగిసేదాకా ఆగాలి. అంతకుముందు ఇచ్చే తీర్పుకు విలువ లేదు.

'పాత నిష్పత్తి నిలిస్తే' అన్నాను, అదే ఇక్కడి మెలిక. ప్లాట్‌ఫామ్ ఇప్పుడు ఇన్‌వాయిస్ పంపేవాళ్ల కోసం వెతుకుతోంది, కట్టేవాళ్ల కోసం కాదు. సరదాకు తన ఇంకో ఈమెయిల్‌కే ఇన్‌వాయిస్ పంపుకుని చూసేవాడూ దానికి ఒకటే. అందుకే గ్రహీత ఈమెయిల్ ఖాతాదారుదే అయితే, లేదా అదే కంపెనీ డొమైన్ అయితే ఈవెంట్ పంపకుండా నిబంధన పెట్టుకోవాలి. ప్రతి వారం వచ్చిన బృందాన్ని విడిగా చూస్తూ, గుర్తు దాటినవాళ్లలో కట్టినవాళ్ల శాతం రాసుకోవాలి. 20 నుంచి 11కి జారితే గుర్తు పలచబడిందని అర్థం.

ఇంకో ప్రమాదం సొంత ఇంట్లోంచే వస్తుంది. ప్రాడక్ట్ బృందం మంచి మనసుతోనే మొదటి తెరలో 'మీ తొలి ఇన్‌వాయిస్ పంపండి' అని పెద్ద బటన్ పెడుతుంది. పంపేవాళ్లు రెట్టింపవుతారు, కట్టేవాళ్లు పెరగరు. ఎవరికి వారు పూనుకుని చేసినప్పుడు ఆ పనికి ఉన్న అర్థం, చేయించినప్పుడు ఉండదు. ప్రకటనల వాళ్లకు చెప్పకుండా మొదటి తెర మార్చకూడదన్న నియమం ఇలాంటి కంపెనీల్లో తప్పనిసరి.

కార్డు ముందే తీసుకునే మొబైల్ యాప్‌ల కథ వేరు. అక్కడ చాలామంది ట్రయల్ మొదలుపెట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపేస్తారు. అందుకని 24 గంటల తర్వాత కూడా ఆపకుండా ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. మన దేశంలో ఈ గుర్తును మరీ నమ్మకూడదు. ఆటోపేలో డబ్బు తీసుకునేముందు కనీసం 24 గంటల ముందుగా కబురు వెళ్లాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అప్పటిదాకా మర్చిపోయినవాళ్లు అది చూసి ఆపేసే అవకాశం ఉంది. కాబట్టి విదేశీ యాప్ అనుభవాన్ని తెచ్చి ఇక్కడ అతికించే ముందు ఇక్కడి ట్రయల్స్‌నే విడిగా లెక్కగట్టాలి.

నెలకు పది మంది కూడా డబ్బు కట్టని కొత్త కంపెనీకి ఈ కసరత్తు ఇంకా తొందర. అంత తక్కువ సంఖ్యలో ఏ పని దేన్ని సూచిస్తుందో తేలదు. ముందు ట్రయల్ ఈవెంట్‌తోనే నడుపుతూ, వచ్చినవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడండి. గడువు ముగిసిన ట్రయల్స్ వెయ్యి దాకా పోగయ్యాక రికార్డు తెరవండి.