ఇంటికి నెలజీతం

బ్యాంకులో చాలాకాలం లోన్ల సీటు చూసినవాణ్ణి కాబట్టి, రిటైరయ్యాక కూడా మా రాజమండ్రి వీధిలోవాళ్లు కాగితాల సంచీ పట్టుకుని వస్తూనే ఉంటారు. ఈ మధ్య వస్తున్నవాళ్లలో ఎక్కువమంది డెబ్బై దగ్గర పడ్డవాళ్లు. "ఇల్లుంది గానీ చేతిలో పైసా ఆడటం లేదండీ. ఆ రివర్స్ మార్ట్‌గేజ్ ఏదో తీసుకోమంటారా?" అని అడుగుతారు.

2007-08 బడ్జెట్‌లో చిదంబరం ప్రకటిస్తే, నేషనల్ హౌసింగ్ బ్యాంక్ నిబంధనలు రాసిన పథకం ఇది. అరవై దాటినవాళ్లు ఉంటున్న ఇల్లు తాకట్టు పెడితే, బ్యాంకే నెలనెలా ఎదురు డబ్బిస్తుంది. బతికున్నంత కాలం ఆ ఇంట్లోనే ఉండొచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ పోయాక వారసులు బాకీ తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు. లేదంటే బ్యాంకు అమ్మి తనది తీసుకుని, మిగిలింది వాళ్ల చేతిలో పెడుతుంది. అమ్మినా బాకీ తీరకపోతే ఆ తరుగు బ్యాంకుదే, పిల్లల మీదకు రాకూడదు. చేతికొచ్చే సొమ్ముకు ఆదాయపు పన్నూ లేదు. వినడానికి ఇంతకంటే ఏం కావాలి?

పక్క వీధి నుంచి వచ్చిన పెద్దాయన అప్పటికే లెక్క వేసుకుని వచ్చారు. ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరయ్యారు, పీఎఫ్ పెన్షన్ మందులకే చాలదు. ఇల్లు 60 లక్షలు చేస్తుంది. ఉదారంగా 60 శాతం ఇస్తారనుకుంటే 36 లక్షలు. అప్పు గడువు పదిహేనేళ్లంటే 180 నెలలు. "నెలకి ఇరవై వేలు వస్తే చాలండీ, అబ్బాయిని చెయ్యి చాచి అడగక్కర్లేదు" అన్నారు.

ఆ ఇరవై వేలు రావు. 36 లక్షలన్నది ఆయన చేతికొచ్చే మొత్తం కాదు, పదిహేనేళ్ల చివర వడ్డీతో కలిపి బాకీ చేరాల్సిన మొత్తం. వడ్డీ పది శాతం అనుకుంటే నెలకు వచ్చేది సుమారు 8,700. అదే కాగితం వెనక ఏడాదివారీగా వేసి చూపించాను. అయిదేళ్లకు ఆయన తీసుకున్నది 5 లక్షల 20 వేలు, బాకీ 6 లక్షల 70 వేలు. పదేళ్లకు తీసుకున్నది పదిన్నర లక్షల లోపు, బాకీ దాదాపు 18 లక్షలు. పదిహేనేళ్లు నిండేసరికి తీసుకున్నది 15 లక్షల 60 వేలు, బాకీ 36 లక్షలు. అంటే తిన్నదానికంటే వడ్డీయే ఎక్కువ. ఆయన కాసేపు కాగితం వంకే చూసి, "మేడ మీద వాటా అద్దెకిచ్చినా ఇంచుమించు ఇంతే వస్తుంది కదండీ" అన్నారు. వస్తుంది, అయితే తాకట్టు పెట్టాక బ్యాంకుకు చెప్పకుండా వాటా అద్దెకివ్వడానికి కూడా లేదు.

ఇల్లు పోతుందేమోనని అందరూ భయపడతారు. నా మట్టుకు నాకు కనబడే చిక్కు వేరు. పదిహేనేళ్లు నిండగానే నెలసరి సొమ్ము ఆగిపోతుంది, మనిషి ప్రాణం ఆగదు. ఇంట్లోంచి పొమ్మనరు, కానీ ఎనభై అయిదేళ్ల వయసులో, మందుల ఖర్చు బాగా పెరిగిన రోజుల్లో ఆ డబ్బు ఉండదు. ఉన్నన్నాళ్లయినా అది పెరిగేది కాదు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే, చివరి ఏడు అందే 8,700కు ఇవాళ్టి 3,600 రూపాయల సరుకే వస్తుంది.

ఇంకో రెండు సంగతులు సంతకం పెట్టే ముందే చూసుకోవాలి. పట్టా భర్త పేరునే ఉన్నా, అప్పు కాగితంలో భార్య కూడా ఉండి తీరాలి. లేకపోతే ఆయన పోగానే బాకీ మొత్తం కట్టమని అడిగే హక్కు బ్యాంకుకు వస్తుంది. రెండోది, ఏడాదిపాటు ఆ ఇంట్లో లేకపోతే కూడా అప్పు గడువు తీరినట్టే. హైదరాబాదులో కూతురి దగ్గరో, అమెరికాలో కొడుకు దగ్గరో ఉండిపోయే మన పెద్దవాళ్లకు ఇది చిన్న షరతు కాదు.

అసలు ఇంతదూరం వచ్చే ఫైళ్లే తక్కువ. రాజోలు, పాలకొల్లు వైపు నుంచి మండువా లోగిళ్లవాళ్లు వస్తారు. ముప్పై సెంట్ల స్థలం, కొబ్బరిచెట్లు, నడుమ పెంకుటిల్లు. ఆ స్థలం ఖరీదే ఖరీదు, పాత గోడలకు వాల్యుయర్ రాసేది ఏమీ ఉండదు. ఇల్లు కనీసం ఇంకో ఇరవై ఏళ్లు నిలవాలన్నది నిబంధన. పైగా తాతలనాటి ఆస్తి పనికిరాదు, స్వార్జితమే కావాలి. చాలా ఇళ్లు గ్రామకంఠంలో ఉంటాయి. ఇంటి పన్ను రసీదులు కట్టలుగా ఉంటాయి గానీ రిజిస్టరైన లింకు డాక్యుమెంట్లు ఉండవు. ఈసీ తీస్తే ఏమీ రాదు. లాయరు లీగల్ ఒపీనియన్ ఇవ్వడు, ఫైలు అక్కడితో సరి.

పెద్దాయనకు రెండో లెక్క కూడా వేశాను. ఇల్లు 60 లక్షలకు అమ్మి, 30 లక్షల్లో లిఫ్టున్న రెండు పడగ్గదుల ఫ్లాటు కొంటే? రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, అంటే రెండుంపావు లక్షలు. సామాను తరలింపు, మధ్యవర్తి, అమ్మకం లాభంలో కొత్త ఇంటికి పెట్టని భాగం మీద పన్ను, వీటన్నిటికీ ఇంకో రెండుముప్పావు పక్కన పెట్టాం. 25 లక్షలు మిగిలింది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 51,250 వస్తుంది. నెలకు 17 వేల పైమాటే. అపార్టుమెంటు మెయింటెనెన్స్ పోయినా మొదటి లెక్కకు రెట్టింపు దగ్గరే ఉంటుంది, అసలు అలాగే ఉంటుంది. అయిదేళ్లకు గడువు తీరాక వడ్డీ ఎంతిస్తారన్నది అప్పటి రేటును బట్టి ఉంటుంది.

ఇందులో పోయేదీ ఉంది. ఫ్లాటులో మన వాటాకు వచ్చే నేల నలభై గజాలుంటే గొప్ప, మన ఊళ్లో రేటు పెరిగేదేమో నేలకే. బిల్డరుకు డెవలప్‌మెంట్‌కిస్తే నేల పూర్తిగా పోదు కదా అంటారు గానీ, డెబ్బై ఏళ్లవాళ్లు అద్దింట్లో కూర్చుని, ఆగిపోయిన శ్లాబు వంక చూస్తూ గడపడం నాకు ఇష్టం లేదు.

అమ్మకంలో అసలు మెలిక డబ్బు చేతులు మారేచోట ఉంటుంది. కొనేవాడు రిజిస్ట్రేషన్ గవర్నమెంటు రేటుకు పెట్టి, మిగతాది నగదుగా ఇస్తానంటాడు. ఆ నగదును పెద్దాయన ఏ స్కీములోనూ చూపించి వేసుకోలేరు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలూ ఆపైన నగదుగా పుచ్చుకుంటే, పుచ్చుకున్నంతా జరిమానాగా పడొచ్చు. ఆ జరిమానా పడేది కొన్నవాడికి కాదు, అమ్మినవాడికే. రెండు లక్షలు తక్కువకైనా సరే, మొత్తం చెక్కుగా ఇచ్చేవాడికే అమ్మమన్నాను.

మరి రివర్స్ మార్ట్‌గేజ్ ఎవరికీ పనికిరాదా అంటే, మా మేనత్త వరసావిడ ఒకరున్నారు. డెబ్బై ఆరేళ్లు, పిల్లల్లేరు, ఇల్లు ఆవిడ పేరునే, కాగితాలు అద్దంలా ఉన్నాయి. ఆ వీధి వదలనని ఖరాఖండిగా చెప్పేశారు. ఆవిడకు పదిహేనేళ్ల గడువు దండగ. అదే 60 లక్షల ఇల్లు, అదే 36 లక్షల హద్దు, గడువు పదేళ్లయితే నెలకు 17,500 వస్తుంది. ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత లాభమున్న అప్పు నేను చూసినంతలో ఇదొక్కటే. "పదేళ్ల తర్వాత మాటేవిట్రా?" అని అడిగారు. నెలసరి ఆగుతుంది, ఇంట్లో ఉండటానికి అడ్డం లేదు, అప్పటి ఖర్చుకు ఇప్పుడే నెలకు మూడు వేలు ఆర్డీ కట్టమన్నాను. "అయితే ఇంటి పన్నూ, ఇన్సూరెన్సూ నేనే కట్టాలా?" అన్నారు. కట్టాలి అత్తా, కట్టకపోతే బ్యాంకు అప్పును మధ్యలోనే రద్దు చెయ్యొచ్చు. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి, బ్యాంకుకి సోమవారం వెళ్దామన్నారు.