గరిటె పట్టడం తెలిసిన మనిషి

మురుగు కాలువ దగ్గర ఆయన ముందు ఎండకు ఎదురుగా తిరిగాడు. నీడ నీటి మీద పడితే లార్వాలు అడుగుకు జారిపోతాయి. వాటిని పట్టలేకపోయిన గరిటె చూసి "ఇక్కడేం లేవు" అని రాసేసుకోవచ్చు. మా పట్టణపు మలేరియా వర్కర్ అలా రాయడు. తెల్ల ఎనామిల్ గరిటెను వాలుగా, నీళ్లు కదలకుండా ముంచి తీశాడు.

తలకిందులుగా, ఏటవాలుగా వేలాడేవి క్యూలెక్స్ లార్వాలు. అనాఫిలస్ అయితే నీటి మీద చదునుగా పడుకుంటుంది. కానీ ఆయన వెతికింది కామా ఆకారపు ప్యూపాల కోసం. నాలుగు దొరికాయి. "ఇవి ఏమీ తినవండీ. ఇక మందు వేసి లాభం లేదు, ఎల్లుండికల్లా ఎగిరిపోతాయి," అన్నాడు.

ఆయన సంచిలోని మందు బీటీఐ. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో, ఒక నీటి గుంటలో దొరికిన బాక్టీరియా అది. దానిలోని ప్రొటీన్ స్ఫటికాలను లార్వా మింగితే అవి కడుపులో కరిగి పేగు గోడను చీలుస్తాయి. మింగకపోతే ఏమీ కాదు. చిక్కటి మురుగులో తిండి ఎక్కువ, మందు కూడా త్వరగా అడుగుకు దిగిపోతుంది. అందుకని అక్కడ ఆయన మందు డబ్బా తీయకుండా, నీరు పారుతోందో లేదో చూడ్డానికి ఓ గుప్పెడు ఊక చల్లాడు. పది నిమిషాలైనా ఊక కదల్లేదు. కల్వర్టు అవతలి వైపు కాలువ అడుగు ఎత్తుగా ఉందన్నమాట. పూడిక ఎన్నిసార్లు తీసినా నీరు నిలుస్తుంది. పైగా తీసిన పూడికను గట్టు మీదే పోస్తారు, మొదటి వానకే అది మళ్లీ కాలువలో పడుతుంది. వాలు సరిచేయించమని ఇంజనీరుకు రాసుకున్నాడు. ఖర్చెక్కువే, కానీ మందు, పూడిక, వాలు ఈ మూడింటిలో మళ్లీ మళ్లీ చేయక్కర్లేనిది ఇదొక్కటే.

వాడకంలో లేని పాత బావికి గంబూసియా చేపలు. చేపలున్న సంచీని విప్పకుండా నీటి మీద కాసేపు తేలనిచ్చాడు, లోపలి నీరు బావి నీటి వేడికి రావాలిగా! తర్వాత అంచు గడ్డి పీకించాడు, ఎందుకంటే దాని సందుల్లో దాక్కున్న లార్వాలు గంబూసియాకు అందవు. చెరువులో మాత్రం వదలడు. అక్కడి చేపల పిల్లలనూ కప్పల గుడ్లనూ ఇవి తినేస్తాయి. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఈ 'వదలను' దగ్గరే.

బీటీఐకి వంతు వచ్చింది కట్టడం సగంలో ఉన్న ఇంటి సెల్లార్‌లో. అక్కడి నీరు తోడేయడానికి మేస్త్రి ఒప్పుకోలేదు, నాలుగు రోజుల్లో ఎండే నీటిలో చేపలెందుకు? నీరు తేటగా ఉంది, లార్వాలు ఆకలి మీదున్నాయి. లోతు కాకుండా నీటి పొడవు వెడల్పులను అడుగులతో కొలిచి, మందు కలిపి చల్లాడు.

మర్నాడు మళ్లీ అక్కడే కలిశాడు. గరిటెలో కదలనివే ఉన్నాయి. మూలన ఇటుకల వెనక ముంచి చూశాడు, అక్కడ రెండు కదిలాయి. స్ప్రే చేరని చోటు అది. ఇటుకలు తీయమని మేస్త్రిని కేకేశాడు.