ఓడే ట్రేడు మన ధర మీదుగానే వెళ్తుంది

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా షేర్ల మీద బ్యాక్‌టెస్ట్‌లు రాసే వరంగల్ కుర్రాడొకడు ఈమధ్య తన ఫలితాలు తెచ్చి చూపించాడు. ఈక్విటీ కర్వ్ ఎక్కడా పెద్దగా వంగకుండా పైకి పోతోంది. ఎంట్రీ ఎలా తీసుకుంటున్నావని అడిగాను. "లిమిట్ ఆర్డరే అన్నా. ఆ నిమిషం క్యాండిల్ లో మన ధరను తాకితే ఫిల్ అయినట్టే కదా?" అన్నాడు.

కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఎక్స్ఛేంజ్‌లో ఆర్డర్లు ఎలా జతపడతాయో చూడాలి. ఎన్‌ఎస్‌ఈలో ముందు ధర, ఆ తర్వాత సమయం లెక్కలోకి వస్తాయి. 800 రూపాయలకు కొనడానికి మనకంటే ముందు వేలాది షేర్ల ఆర్డర్లు పడి ఉంటే, అవన్నీ తీరాకే మన వంతు. రేషన్ షాపు ముందు వరుస లాంటిదే ఇది. షాపు తెరిచినంత మాత్రాన చివర నిలబడ్డవాడి సంచి నిండదు. ధర 800ను తాకి, వరుసలో సగం ఆర్డర్లు తీరాక పైకి లేచిపోతే చార్టులో లో 800 అని పడుతుంది కానీ మన ఆర్డర్ అలాగే పెండింగ్‌లో ఉంటుంది.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. "కొన్ని ఫిల్స్ తప్పుతాయి, పదిశాతం తీసేసి లెక్క వేసుకుందాం" అంటారు. అసలు పొరపాటు అక్కడే ఉంది. ఫిల్స్ ఎన్ని తప్పాయన్న దానికంటే ఏవి తప్పాయన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. 800 దగ్గర లిమిట్ కొనుగోలు, 806 దగ్గర టార్గెట్, 797 దగ్గర స్టాప్‌లాస్. బ్యాక్‌టెస్ట్‌లో పది ట్రేడ్లు వచ్చాయి. నాలుగు టార్గెట్ కొట్టాయి, ఆరు స్టాప్ కొట్టాయి. షేరుకు 24 రూపాయల లాభం, 18 రూపాయల నష్టం, నికరంగా 6 మిగిలింది. ఇప్పుడు ఓడిన ఆరింటినీ చూడండి. 797కు పోవాలంటే ధర 800ను దాటుకునే పోవాలి. కాబట్టి మన ముందున్న వరుస మొత్తం తీరి, మన ఆర్డర్ తప్పకుండా ఫిల్ అవుతుంది. ఆ ఆరు నష్టాలూ ఖాయం. గెలిచిన నాలుగింటిలో ఒకదానికి మాత్రం లో సరిగ్గా 800.00, అక్కడినుంచే లేచింది. అది మనకు దక్కలేదనుకుంటే లాభం 18కి తగ్గుతుంది. నష్టం 18 అలాగే ఉంటుంది. బ్రోకరేజీ, ఎస్‌టీటీ ఇంకా లెక్కలోకి రాకముందే మిగులు సున్నా. అలాంటివి రెండు ఉంటే నికరంగా 6 రూపాయల నష్టం. ఒక్క ఫిల్ తప్పినందుకు పోయింది పదోవంతు కాదు, మొత్తం లాభం.

అందుకే కోడ్‌లో ఈ రెండిటినీ విడివిడిగా నడపమంటాను:

```python
touch   = low <= limit_price
through = low <= limit_price - tick
```

మొదటిది తాకితే ఫిల్ అంటుంది. రెండోది కనీసం ఒక టిక్ కిందికి దిగితేనే ఒప్పుకుంటుంది. 800 రూపాయల షేరుకు ఆ టిక్ 5 పైసలు. నిజం ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. రెండు ఫలితాలూ దగ్గరగా ఉంటే వ్యూహంలో బలం ఉన్నట్టు. మొదటిదానిలో లాభం, రెండోదానిలో నష్టం వస్తే ఆ లాభం వరుసలో మన స్థానం గురించి చేసిన ఊహ నుంచి వచ్చిందే తప్ప వ్యూహం నుంచి రాలేదు.

స్టాప్-లిమిట్ చూడటానికి మామూలు లిమిట్‌కు పూర్తిగా విరుద్ధంగా ఉంటుంది. ధర పైస్థాయిని బద్దలు కొట్టినప్పుడు కొనడానికి వాడతాం. మన బ్రోకర్ తెరల మీద దాని పేరు SL. ఒక షేరు మొదటి పావుగంటలో వేసిన గరిష్ఠ ధర 812 అనుకోండి. ట్రిగ్గర్ 812.05, లిమిట్ 812.60 పెట్టాం. 812.05 దగ్గర ఒక ట్రేడు జరగగానే మన ఆర్డర్ మామూలు వరుసలోకి వస్తుంది. అయితే అదే చోట ట్రిగ్గర్ పెట్టుకున్నవాళ్లు మనమొక్కరమే కాదు. అందరూ ఒక్కసారి ఎగబడితే అమ్మకపు ధర చూస్తుండగానే 812.90కి ఎగిరిపోతుంది. మన ఆర్డర్ 812.60 దగ్గర కొనుగోలుదారుగా కూర్చుండిపోతుంది. షేరు నేరుగా 825కి పోతే మనం లేకుండానే పోతుంది. బ్రేకౌట్ విఫలమై ధర వెనక్కి దిగితే మాత్రం 812.60 మీదుగానే దిగుతుంది కాబట్టి అప్పుడు తప్పక ఫిల్ అవుతుంది. వెనక్కి వచ్చి తాకి మళ్లీ లేచేవి కొన్ని ఉంటాయి, నిజమే. అయినా ఏ పరుగు కోసం ఈ వ్యూహం రాసుకున్నామో, చేజారేది ఎక్కువగా ఆ పరుగే.

బ్యాక్‌టెస్ట్‌కు ఇది కనబడదు. పావుగంట క్యాండిల్‌లో ఓపెన్ 810, లో 809, హై 825 అని ఉంటే, లో 812.60 కంటే కిందే ఉంది కదా అని కోడ్ ఫిల్ ఇచ్చేస్తుంది. కానీ ఆ 809 ట్రిగ్గర్‌కు ముందు వచ్చిందో, తర్వాత వచ్చిందో ఆ క్యాండిల్ చెప్పదు. ఒక నిమిషం డేటాకు దిగితే అనుమానం తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇక్కడ కూడా నేను రెండుసార్లు నడుపుతాను. ఒకసారి ట్రిగ్గర్ అయిన ప్రతిదీ లిమిట్ ధరకే ఫిల్ అయినట్టు, ఇంకోసారి ట్రిగ్గర్ క్యాండిల్‌ను వదిలేసి, తర్వాతి క్యాండిల్స్‌లో లో లిమిట్ కిందికి దిగితేనే ఫిల్ అయినట్టు. రెండోది కఠినమైన పరీక్షే. దానిలో కుప్పకూలే వ్యూహానికి డబ్బు పెట్టే ముందు టిక్ డేటా చూడాల్సిందే.

ఉదయం గ్యాప్ గురించి ఒక్క మాట. ఈసారి ఆ 812 నిన్నటి గరిష్ఠ ధర అనుకోండి. షేరు 820 దగ్గర తెరుచుకుంటే 812.05కు ఫిల్ ఇచ్చే కోడ్ మార్కెట్లో లేని ధరకు కొంటోంది. లిమిట్ లేని స్టాప్ ఆర్డర్ అయితే ఎంట్రీ 820 దగ్గర. లిమిట్ 812.60 ఉంటే అప్పటికి ఎంట్రీయే లేదు.

మార్కెట్ ఆర్డర్‌ను ఖరీదైనదని తీసిపారేస్తారు. నిజంగానే ఖరీదైనదే, కానీ ఆ ఖరీదును కొలవొచ్చు. 500 షేర్లు కావాలి. అమ్మకం వైపు 812.05కు 120, 812.20కు 150, 812.40కు 230 ఉన్నాయి. సగటున 812.26 పడుతుంది, అంటే తెర మీద కనిపించిన ధరకంటే షేరుకు 21 పైసలు ఎక్కువ. ఈ భారం గెలిచే ట్రేడు మీదా పడుతుంది, ఓడే ట్రేడు మీదా పడుతుంది. పరుగెత్తే రోజున ఇంకొంచెం ఎక్కువ పడుతుంది కానీ ఆ ట్రేడు మన చేతిలోనే ఉంటుంది. సిగ్నల్ వచ్చిన క్యాండిల్ క్లోజ్‌కు కాకుండా తర్వాతి క్యాండిల్ ఓపెన్‌కు కొన్నట్టు రాసి, దాని మీద స్లిప్పేజ్ కలిపితే, ద్రవ్యత బాగా ఉన్న షేర్లలో బ్యాక్‌టెస్ట్‌కూ అసలు ఖాతాకూ తేడా పెద్దగా రాదు. ఆ స్లిప్పేజ్ అంకెను ఊహించనక్కర్లేదు. సిగ్నల్ సమయపు ధర పక్కన ట్రేడ్‌బుక్‌లోని సగటు ధర రాసుకుంటూ పోతే కొన్నాళ్లకు అదే బయటపడుతుంది.

ఆప్షన్లలో ఈ మాట చెల్లదు. అమ్మేవాళ్లు పల్చగా ఉండే స్ట్రైకుల్లో మార్కెట్ ఆర్డర్ ఎక్కడికైనా పోయి ఫిల్ కావచ్చు. 2021 సెప్టెంబరులో ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్లకు SL-M ఆర్డర్లను తీసేసింది. అక్కడ స్టాప్ పెట్టాలంటే లిమిట్ ధర ఇవ్వక తప్పదు. ఫిల్ తప్పే అవకాశాన్ని బ్యాక్‌టెస్ట్‌లో రాయకా తప్పదు.

ఇక నా క్రమం ఇది. ఏ వ్యూహాన్నైనా మొదట మార్కెట్ ఆర్డర్‌తో, కొలిచిన స్లిప్పేజ్‌తో నడుపుతాను. అక్కడ నిలబడితే లిమిట్‌తో కొంత మిగులుతుందేమో చూస్తాను. అక్కడ నష్టపోయి, లిమిట్ పెట్టగానే లాభాల్లోకి వచ్చిన వ్యూహాన్ని మాత్రం, ఒక టిక్ పరీక్ష దాటేదాకా నమ్మను. ఆ కుర్రాడికీ అదే చెప్పాను. మీ దగ్గరా లిమిట్ ఎంట్రీతో మెరిసే బ్యాక్‌టెస్ట్ ఉంటే, ఈ ఆదివారం ఆ ఒక్క షరతు మార్చి మళ్లీ నడపండి. సోమవారం ఉదయం 9:15కు ముందే జవాబు మీ చేతిలో ఉంటుంది.