ఆధారమా? కథనమా?
రంప పితూరిపై వ్రాయబడు పరీక్షాసమాధానముల విమర్శ

చరిత్రపరీక్షలలో నొక మూలాధారమునుండి కొంతభాగము నిచ్చి, దానినిబట్టి సమాధానము వ్రాయుమని యడుగు పద్ధతి కలదు. ఇట్టి సమాధానములను దిద్దువారికి తప్పులతో నిండిన వ్రాతకంటె, తప్పులేని వ్రాతయే యెక్కువ చిక్కు కలిగించును. విద్యార్థి వ్రాసిన ప్రతివాక్యమును నిజమే కావచ్చును. అయినను అందొక్కటియు ఇచ్చిన యాధారమునుండి పుట్టినది కాకపోవచ్చును. అట్టి వ్రాత చరిత్రజ్ఞానమునకు నిదర్శనమగునేగాని, అడిగిన ప్రశ్నకు సమాధానము కానేరదు. ఈ భేదమును గుర్తించుటకు తూర్పుకనుమల మన్యమునుండి యొక యుదాహరణమును గైకొనుట యుచితము.

మన్యమున జరిగిన రెండు తిరుగుబాటులకు లోకమున ‘రంప పితూరి’ యను నొక్కటే పేరు వాడుకలో నున్నది. మొదటిది 1879 మార్చిలో గోదావరిమండలపు రంపదేశమున నారంభమై గూడెపుకొండలకును భద్రాచలప్రాంతమునకును ప్రాకినది. రెండవది 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడులతో నారంభమై, 1924 మే నెలలో అల్లూరి సీతారామరాజు మరణముతో క్షీణించినది. రెంటికిని నడుమ నలువదిమూడేండ్ల యెడమున్నను, పేరొక్కటి యగుటచే పాఠకుని మనస్సున రెండును కలిసి యొక్క కథగా నిలిచిపోవుచున్నవి.

హెమింగ్వే దొర సంతరించి 1907లో వెలువరించిన గోదావరిజిల్లా గెజెటీరునందు మొదటి పితూరికి గల కారణములు చెప్పబడినవి. వాని సారాంశ మిది: రంప మన్సబుదారు చిరకాలముగా జనులను బాధించుచుండెను. కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటివాడుకకైనను కల్లు గీచుకొనరాదని శాసించి, కల్లు రాబడిని మైదానపు గుత్తదారులకు కౌలిచ్చినవి. మన్సబుదారు తానిదివరకు వసూలుచేయుచుండిన చిగురుపన్నుపైని మొదలుపన్ను అను పేర మరికొంత కలుపబూనెను. ఇంతేగాక, మైదానపు వర్తకులు కొండవారి యమాయికత్వమును ఆసరాగొని అన్యాయపు కరారులు వ్రాయించుకొని, పిదప దావాలు వేసి ఏకపక్షపు డిక్రీలు పొంది, వారి సొత్తును జప్తుచేయించిరి. కొండవా రీ నేరమంతయు ప్రభుత్వముపైని, దాని నిబంధనలపైని మోపి, తిరుగుబాటే తమకు శరణ్యమని తలచిరి.

ఈ భాగము నిచ్చి “దీనినిబట్టి 1879 పితూరికి కారణము లెవ్వి?” అని యడిగినచో వచ్చు సమాధానములను మూడు తెరగులుగా నూహింపవచ్చును.

మొదటి తెరగున విద్యార్థి, ఆంగ్లప్రభుత్వము అడవిచట్టములచే పోడువ్యవసాయమును నిషేధించెననియు, కొండవారిచేత బాటలకై వెట్టిచాకిరి చేయించెననియు, అందుచే స్వాతంత్ర్యప్రియులగు మన్యవీరులు విల్లంబులు పూనిరనియు వ్రాయును. ఈ వ్రాత చదువుటకు సొంపుగానే యుండును. కాని ఇచ్చిన భాగమును చేతితో మూసి దీనిని మరల చదువవలెను. ఒక్క యక్షరమైనను మార్చనక్కరలేదు. ఆధారము లేకున్నను ఈ సమాధానము యథాతథముగా నిలుచును. ఇదియే మొదటి పరీక్ష. రెండవ పరీక్ష సంవత్సరమును మార్చుట. 1879 అను చోట 1922 అని వ్రాసినచో నీ సమాధానము మరింత చక్కగా నతుకును. మదరాసు అడవిచట్టము 1882 నాటిది. మూడేండ్ల ముందటి తిరుగుబాటునకు అది కారణమగుట పొసగదు. అంతకుముందు అడవులపై నిర్బంధము లేమైన నున్నవని వాదింపవచ్చును గాని, ఆ వాదమునకు ఈ భాగమున నొక్కమాటయు సాక్ష్యముగా లేదు.

రెండవ తెరగు సమాధానము మరింత నేర్పుగా మోసగించును. అందు ‘చిగురుపన్ను’, ‘మొదలుపన్ను’ అను మాటలు ఉల్లేఖనచిహ్నముల నడుమ కనబడును. ‘గెజెటీరు చెప్పినట్లు’ అను వాక్యమును నుండును. కాని ఆ మాటల వెంటనే, ప్రభుత్వము భారమగు పన్నులు విధించెనని మాత్రము చెప్పి కథ సాగిపోవును. ఇచట ఆధారము ఇంటిగోడకు వ్రేలాడగట్టిన పటమేగాని, ఇంటి బరువును మోయు స్తంభము కాదు. చిగురుపన్ను మన్సబుదారు వసూలుచేసినది. గుత్త కిచ్చినది ప్రభుత్వము. ఇరువురి పనులును వేరు. ఈ భేదమును గమనింపక మాటలను మాత్రము తెచ్చిపెట్టిన విద్యార్థి ఆధారమును చూచెను గాని చదువలేదు. కావున ఉల్లేఖనము తీసివేసినచో వాదము కూలునా, లేదా యని విచారించుట మూడవ పరీక్ష.

మూడవ తెరగున సమాధానము పొట్టిదియై, భాషలో నంత సొగసు లేనిదియై యుండవచ్చును. అందు విద్యార్థి ఇట్లు వ్రాయును: ఈ భాగము ప్రకారము ఒకే కల్లుపై రెండు దిక్కులనుండి బరువు పడినది, ఇంటివాడుక నిషేధించి గుత్తదారుని దెచ్చినది నిబంధన, పన్ను పెంచబూనినవాడు మన్సబుదారు. కోర్టులు వర్తకులకు సాధనములైనవి. కావున జనుల కోప మొక్కరిపై గాక మువ్వురిపై పుట్టి, తుదకు ప్రభుత్వముపై చేరినది. ఇచట ‘కావున’ అను మాటకు ముందున్న ప్రతివిషయమును ఆధారములో చూపవచ్చును. చేయి యడ్డుపెట్టినచో నీ సమాధానము నిలువదు. 1922 అని మార్చినచో నసత్యమగును.

ఇంతకు మించిన సమాధానమును గలదు. కొండవారు నేరమును ప్రభుత్వముపై ‘మోపిరి’ అను వాక్యపు ధోరణిని గమనించువాడు, వ్రాసినవా డెవ్వడని ప్రశ్నించును. గెజెటీరు దొరతనమువారి గ్రంథము. తిరుగుబాటునకు ఇరువదియెనిమిదేండ్ల తరువాత వెలువడినది. మన్సబుదారుని దోషమును ముందు నిలిపి, ప్రభుత్వదోషమును జనుల యభిప్రాయముగా మాత్రమే చెప్పుట దానికి అనుకూలము. పితూరి అణగినపిదప ప్రభుత్వము మన్సబుదారుని తొలగించి, ముఠాదారులతో నేరుగా నొడంబడికలు చేసికొన్నది. ఈ సంగతి భాగములో లేదు. విద్యార్థి బయటినుండి తెచ్చినది. అయినను ఇది దోషము కాదు, గుణమే. ఏలయన, ఈ బయటి జ్ఞానము ఆధారమునకు బదులుగా నిలువక, దానిని తూచు తక్కెడగా పనిచేయుచున్నది. మన్సబుదారుపై నారోపణ యుత్తమాట కాదనియు, ఆ యారోపణము ప్రభుత్వమునకు ప్రయోజనకారి యనియు రెండును దీనివలన తెలియుచున్నవి.

ఈ పరీక్షలకును హద్దు కలదు. ఇచ్చిన భాగమే లోకమెరిగిన కథను చెప్పునదైనచో, దానిని చదివి వ్రాసినవానికిని, చదువక వ్రాసినవానికిని వ్రాత యొక్కటిగానే యుండును. చేయి యడ్డుపెట్టుటవలన నేమియు తేలదు. అట్టి చోట తప్పు విద్యార్థిది కాదు, ప్రశ్నను కూర్చినవానిది. ఆధారమునందు చిగురుపన్నువంటి, ఏకపక్షపు డిక్రీవంటి, సామాన్యకథలో లేని యొక పలుకైన నున్నగాని పరీక్షకు తావులేదు.

కావున దిద్దువాడు మొదట సమాధానములోని సత్యాసత్యములను గాక, ప్రతినిర్ణయమును ఏ వాక్యమునుండి పుట్టినదో వెదకవలెను. వీరగాథను సొంపుగా వ్రాసినవానికి అధికమార్కులు వేసి, కల్లుపన్నును గూర్చి ముక్కిమూల్గుచు వ్రాసినవానికి తక్కువ వేసినచో, ఆ మార్కులు చరిత్రకు గాక కంఠపాఠమునకు వేసినవగును. అంతకంటె హాని మరియొకటి కలదు: 1879లో రంపవారు తమకు కలిగినదని చెప్పుకొన్న బాధ, ఇతరుల బాధ క్రింద మరుగుపడిపోవును.